4 అంగుళాల ఏఏసీ గోడలకి బ్లాకులెన్ని, జిగురు ఎన్ని బస్తాలు: వరసలు లెక్కపెట్టే పద్ధతి

తాడేపల్లిలో ఒక ఇంటి మొదటి అంతస్తు. పిల్లర్లు, స్లాబు, బయటి గోడలు అయిపోయాయి. లోపల ఏఏసీ బ్లాకులతో, అంటే గాలి బుడగలతో తయారయ్యే తేలికపాటి కాంక్రీటు బ్లాకులతో, మూడు పార్టిషన్ గోడలు కట్టాలి. మేస్త్రీ రాసిచ్చిన చీటీ ఇంటాయన నా చేతికిచ్చారు. 265 బ్లాకులు, 5 బస్తాల జిగురు. "ఇంత పడుతుందాండీ?" అని అడిగారు. టేపు పట్టుకుని మూడు గోడలూ కొలిచి, వరసల లెక్క వేస్తే 210 బ్లాకులు, 2 బస్తాలు తేలాయి. మేస్త్రీ మోసమేమీ చేయలేదు. గోడల చదరపు అడుగులు కట్టి, వంద అడుగులకి ఇన్ని అని గుణించి, పైన పది శాతం కలిపాడు. బయటి గోడలకి ఆ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. తలుపు, రెండు కాంక్రీటు బెల్టులు ఉన్న చిన్న లోపలి గోడ దగ్గరికొచ్చేసరికి తేడా బాగా పెరుగుతుంది.

ఆ మూడు గోడల లెక్కనే ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. మీ ఇంటి కొలతలు వేరుగా ఉన్నా పద్ధతి మాత్రం ఇదే.

ముందుగా బ్లాకు కొలత చూసుకోండి

మన దగ్గర ఎక్కువగా దొరికే ఏఏసీ బ్లాకు 600 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు ఉంటుంది. మందం 100, 150, 200 మి.మీ.లలో వస్తుంది. లోపలి పార్టిషన్లకి మామూలుగా 100 మి.మీ. వాడతారు. దాన్నే అందరూ 4 అంగుళాల బ్లాకు అంటారు. కొన్ని కంపెనీలు 625 మి.మీ. పొడవు, 240 మి.మీ. ఎత్తుతో కూడా చేస్తాయి కాబట్టి ఆర్డరు పెట్టే ముందు అడిగి తెలుసుకోండి. బ్లాకు కొలత మారితే కింది లెక్కంతా మారిపోతుంది.

100 మి.మీ. బ్లాకులు ఒక క్యూబిక్ మీటరుకి 83 వస్తాయి. షాపు వాళ్ళు రేటు క్యూబిక్ మీటరు చొప్పున చెబితే దాన్ని 83తో భాగించండి, ఒక్కో బ్లాకు ధర వచ్చేస్తుంది.

లోడు దిగగానే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం బ్లాకు ఎత్తులో 3 మి.మీ. దాకా హెచ్చుతగ్గులు ఉండొచ్చు. మనం పెట్టబోయే జిగురు జాయింటేమో 3 మి.మీ.! అంటే ప్రమాణం ఒప్పుకున్న తేడానే జాయింటు మొత్తాన్ని మింగేయగలదు. మంచి ఫ్యాక్టరీ బ్లాకుల్లో తేడా ఇంతకంటే చాలా తక్కువ ఉంటుంది. అయినా లారీలో వేరువేరు చోట్ల నుంచి నాలుగు బ్లాకులు తీసి, సమంగా ఉన్న స్లాబు మీద పక్కపక్కన నిలబెట్టి, అతుకుల మీదుగా వేలు పోనివ్వండి. వేలికి మెట్టు తగిలితే ఆ లోడు సన్న జాయింటుకి పనికిరాదు. జిగురు లెక్క ఎంత బాగా వేసినా అది సైటులో నిలబడదు. దింపుకోకముందే చెప్పేయడం మంచిది.

ఎత్తు లెక్క: వరసలన్నీ నిండు బ్లాకులే పడేలా చూడండి

అందరూ గోడ పొడవుతో మొదలుపెడతారు, నేను ఎత్తుతో మొదలుపెడతాను. ఎత్తు సరిగ్గా కుదరకపోతే పైన ఒక వరస మొత్తం బ్లాకుల్ని అడ్డంగా చీల్చాల్సి వస్తుంది. చీల్చిన మిగతా ముక్క ఎందుకూ పనికిరాదు. లోపలి గోడల్లో బ్లాకుల వృథా అన్నిటికంటే ఎక్కువ జరిగేది ఇక్కడే.

ఆ ఇంట్లో స్లాబు నుంచి స్లాబుకి 10 అడుగులు, అంటే 3,050 మి.మీ. బీము 375 మి.మీ. బీము కింద కట్టే గోడకి మిగిలే ఎత్తు 2,675 మి.మీ. ఒక్కో వరస జాయింటుతో కలిపి 203 మి.మీ. దాంతో 2,675ని భాగిస్తే 13.18 వస్తుంది. చాలామంది ఇక్కడే 13 వరసలు రాసేసుకుంటారు. కానీ గోడలో బ్లాకులే ఉండవు కదా. అడుగున సిమెంటు ఇసుక బెడ్, నడుము ఎత్తులో ఒక బెల్టు, తలుపు పైన లింటెల్ బెల్టు, బీము కింద సందు. ఇవన్నీ అదే 2,675లో సర్దుకోవాలి.

కింది నుంచి పైకి ఇలా సర్దాం. అడుగు బెడ్ 25. ఐదు వరసలు 1,015. నడుము బెల్టు 85. మళ్ళీ ఐదు వరసలు 1,015. ఇక్కడికి 2,140 అయింది. స్లాబు మీద నిలబెట్టిన 7 అడుగుల ద్వారబంధం 2,134 దాకా వస్తుంది కాబట్టి లింటెల్ అడుగు సరిగ్గా దాని నెత్తి మీద పడుతుంది. లింటెల్ బెల్టు 115 పోస్తే 2,255. పైన రెండు వరసలు 406 కలిపితే 2,661. బీముకి 14 మి.మీ. సందు మిగిలింది. మొత్తం 12 వరసలు, ఒక్క బ్లాకు కూడా అడ్డంగా చీల్చే పని లేదు.

ఇందులో మన చేతిలో ఉన్నవి కాంక్రీటు బెల్టుల మందాలే. బ్లాకు ఎత్తు, బీము ఎత్తు, ద్వారబంధం ఎత్తు మార్చలేం. బెల్టుని 75 పోయాలా 85 పోయాలా అనేది సెంట్రింగు చెక్క వెడల్పుని బట్టి ఉంటుంది. కాబట్టి కొలత కుదరనప్పుడు బ్లాకుల్ని కోయడం కన్నా బెల్టుని సర్దడం మేలు. బెల్టు ఎన్ని అడుగులకి ఒకటి వేయాలి, అందులో ఏ ఊచ వేయాలి అనేది మాత్రం మీ ఇంజనీరు చెప్పినట్టే చేయండి. మేం ఇక్కడ రెండేసి 8 మి.మీ. ఊచలు వేశాం.

మూడో గోడ బీము కింద లేదు, నేరుగా స్లాబు దాకా వెళుతుంది. స్లాబు మందం 125 పోగా దాని ఎత్తు 2,925. పై కొలతలకే ఇంకో వరస చేర్చి 13 చేస్తే 2,864 అవుతుంది. 61 మి.మీ. మిగులుతుంది. అందులో బ్లాకు పట్టదు, ఫోముతో నింపడానికి మరీ ఎక్కువ. ఈ గోడకి తలుపు లేదు కాబట్టి లింటెల్ బెల్టు మందం 115 బదులు 160 పోశాం. సందు 16 మి.మీ.కి దిగింది. పెరిగిన కాంక్రీటు ఒక తట్ట కంటే ఎక్కువ కాలేదు.

పొడవు లెక్క: గోడ గోడకీ విడిగా

ఒక వరసలో ఎన్ని బ్లాకులు పడతాయో చూసి, దాన్ని వరసల సంఖ్యతో గుణించడమే. ఒక్కో బ్లాకు జాయింటుతో 603 మి.మీ. ఒక వరస నిండు బ్లాకుతో మొదలైతే, దాని మీది వరస అర బ్లాకుతో మొదలవ్వాలి. అప్పుడే నిలువు జాయింట్లు ఒకదాని మీద ఒకటి పడవు.

మొదటి గోడ రెండు పడగ్గదుల మధ్యది. 3,600 మి.మీ. పొడవు, తలుపు లేదు. నిండుతో మొదలైన వరసలో ఐదు నిండు బ్లాకులు, చివర 585 మి.మీ. ముక్క. ఆ ముక్క కోసం ఒక బ్లాకు పోయినట్టే, అంటే ఆరు. అరతో మొదలైన వరసలో అర, ఐదు నిండు, చివర 282 మి.మీ. ముక్క. రెండు ముక్కలూ ఒకే బ్లాకులో వస్తాయి, కాబట్టి ఇక్కడా ఆరే. 12 వరసలకి 72 బ్లాకులు.

రెండో గోడ హాలుకీ పడగ్గదికీ మధ్యది. 4,200 మి.మీ. పొడవు. ఒక కొస నుంచి 300 మి.మీ. వదిలి 3 అడుగుల ద్వారబంధం. బంధానికి ఇటూ అటూ కొంచెం సందు కలిపి 924 తీసేస్తే అవతల 2,976 మిగులుతుంది. ఆ వైపు వరసకి ఐదు బ్లాకులు, ఈ వైపు 300 ముక్కకి అర బ్లాకు. అంటే లింటెల్ కింద ఉన్న పది వరసలకీ వరసకి ఐదున్నర చొప్పున 55. లింటెల్ పైన గోడ పూర్తి పొడవు కాబట్టి వరసకి ఏడు, రెండు వరసలకి 14. మొత్తం 69.

మూడో గోడ 2,700 మి.మీ. పొడవు. వరసకి నాలుగున్నర బ్లాకులు, 13 వరసలు. 58.5 అంటే 59 రాసుకున్నాం.

72, 69, 59 కలిపితే 200. కోతల్లో పోయే ముక్కలు ఈ లెక్కలోనే ఉన్నాయి. దింపడంలో, పైకి ఎక్కించడంలో అంచులు విరిగేవాటికి 5 శాతం కలిపితే 210. క్యూబిక్ మీటర్లలో 2.52.

ఇదే మూడు గోడల్ని చదరపు అడుగుల్లో చూస్తే 310 వస్తుంది. జాయింటు లేకుండా వంద అడుగులకి 77 బ్లాకుల పైచిలుకు. 310కి 240, పది శాతం కలిపితే 264. మేస్త్రీ 265 అలా వచ్చింది. తలుపుని తీసేయలేదు, బెల్టుల్ని తీసేయలేదు, వృథా అంచనా మాత్రం పది శాతం వేశాడు. అంకె పెరిగింది అందుకే.

మీ ఇంట్లో ఇంజనీరు నిలువు కాంక్రీటు స్తంభం ఏదైనా చెప్పి ఉంటే దాని వెడల్పుని గోడ పొడవులోంచి ముందే తీసేయండి. బాత్రూం గోడల అడుగున బ్లాకు బదులు కాంక్రీటు పోయడమో, గట్టి సిమెంటు బ్లాకు పెట్టడమో చేస్తారు. ఏఏసీ నీళ్ళు బాగా పీల్చుకుంటుంది కాబట్టి అది తప్పనిసరి. అక్కడ ఒక వరస తగ్గుతుంది.

జిగురు లెక్క: బ్లాకు చొప్పున

జిగురు బస్తా మీద ఇన్ని చదరపు అడుగులు వస్తుందని రాసి ఉంటుంది. ఆ అంకె ఎంత మందం గోడకో, ఎంత జాయింటుకో అన్నిసార్లూ తెలియదు. అందుకని నేను బ్లాకు చొప్పున లెక్కేస్తాను.

ఒక్కో బ్లాకుకి జిగురు రెండు చోట్ల పడుతుంది. అడుగున 600 పొడవు, 100 వెడల్పు, 3 మి.మీ. మందం: 180 మిల్లీలీటర్లు. ఒక కొసన 200 ఎత్తు, 100 వెడల్పు, 3 మి.మీ. మందం: 60 మిల్లీలీటర్లు. రెండూ కలిపి 240. ఒక లీటరు జాయింటు నింపడానికి సుమారు 1.4 కిలోల పొడి పడుతుంది. అంటే బ్లాకుకి దాదాపు 340 గ్రాములు.

మన 200 బ్లాకులకి 48 లీటర్లు, 67 కిలోలు. బక్కెట్టుకి అంటుకునేది, కింద రాలేది, గట్టిపడి పారేసేది కలిపి 15 శాతం వేస్తే 77 కిలోలు. 40 కిలోల బస్తాలు రెండు.

గుర్తుంచుకోవడానికి ఒక చిన్న లెక్క చెబుతాను. 3 మి.మీ. జాయింటుతో 40 కిలోల బస్తా 4 అంగుళాల బ్లాకులు సుమారు వంద కడుతుంది. మందం పెరిగిన కొద్దీ ఆ మేరకు తగ్గుతుంది. 6 అంగుళాల బ్లాకులైతే 65 నుంచి 70, 8 అంగుళాలవైతే 50. మీ దగ్గర 30 కిలోల బస్తాలు దొరికితే ఆ లెక్కన తగ్గించుకోండి.

జాయింటు 3 బదులు 5 మి.మీ. అయితే అవే 200 బ్లాకులకి 129 కిలోలు, అంటే నాలుగు బస్తాలు కొనాలి. ఒక్క మిల్లీమీటరు పెరిగితే ఈ చిన్న పనిలోనే, వృథా లెక్క కలపకముందే, 22 కిలోల జిగురు అదనం. బ్లాకుల సంఖ్యేమో దాదాపు మారదు. జిగురు ఖర్చంతా జాయింటు మందం మీదే ఆధారపడి ఉంటుంది.

జాయింటు ఎందుకు లావెక్కుతుంది

ఇది నాకు నా సొంత పనిలోనే తెలిసొచ్చింది. ఏఏసీతో నేను చూసుకున్న మొదటి ఇంట్లో స్లాబు ఒక మూల నుంచి ఇంకో మూలకి దాదాపు 20 మి.మీ. వాలి ఉంది. నేను గమనించలేదు. మేస్త్రీ మొదటి వరసని నేరుగా స్లాబు మీద జిగురుతోనే పెట్టేశాడు. ఎత్తు తక్కువైన వైపు ప్రతి వరసలోనూ కొంచెం లావుగా జిగురు వేస్తూ పోయాడు, ఐదారు వరసలకి గోడ లెవెల్‌కి వస్తుందని. లెవెల్‌కైతే వచ్చింది. తెప్పించిన రెండు బస్తాలూ ఒక్క గోడకే అయిపోయాయి. నెల తిరక్కుండానే ఆ లావు జాయింట్ల దగ్గర ప్లాస్టరు మీద సన్న గీతలు కూడా కనపడ్డాయి. ఆ జిగురు 2 నుంచి 4 మి.మీ. పొరకి చేసింది. లావుగా వేస్తే ఆరేటప్పుడు ముడుచుకుంటుంది.

అందుకే మొదటి వరస కింద ఎప్పుడూ సిమెంటు ఇసుక బెడ్ వేయాలి. 1:4 పాళ్ళు చాలు. ట్యూబ్ లెవెల్‌తో నాలుగు మూలలా మట్టం చూసుకుని, ఎత్తైన చోట 15 మి.మీ.కి తగ్గకుండా, పల్లమైన చోట ఎంత కావాలో అంత వేయండి. మొదటి వరస మీద రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలవాలి. పొడవునా, అడ్డంగా రెండు రకాలుగానూ చూడాలి. ఈ ఒక్క వరసకి పూట పట్టినా తొందరపెట్టకండి. ఆ బెడ్ ఆరే దాకా, కనీసం ఒక రోజు, పై వరస మొదలుపెట్టకండి.

రెండో కారణం పనిముట్టు. మామూలు తాపీతో జిగురు కుప్పగా పడుతుంది, సన్నగా పరవడం కుదరదు. బ్లాకు వెడల్పుకి సరిపోయే పళ్ళ తాపీ కావాలి. దాన్ని బ్లాకు మీద లాగితే దువ్విన జుట్టులా గాళ్ళు పడతాయి. పై బ్లాకుని పెట్టి రబ్బరు సుత్తితో తడితే ఆ గట్లు అణిగి సన్న పొరగా పరుచుకుంటాయి. పెట్టిన బ్లాకుని ఒకటి వెంటనే పీకి చూడండి. అడుగంతా జిగురు సమంగా అంటి ఉంటే సరే. మధ్యలో పొడి మచ్చలు ఉన్నాయంటే జిగురు ఆరిపోయాక పెట్టారన్నమాట, లేదా బ్లాకు మీద దుమ్ము తుడవలేదన్నమాట.

కలపడం, పొదుపు

నీళ్ళు బస్తా మీద రాసినంతే పోయండి. చాలా రకాలకి 40 కిలోలకి సుమారు 10 లీటర్లు. ముందు నీళ్ళు పోసి, తరవాత పొడి వేయాలి. డ్రిల్లుకి తగిలించే కలుపుడు కడ్డీతో గడ్డలు లేకుండా కలిపి, ఐదు నిమిషాలు వదిలి మళ్ళీ ఒకసారి తిప్పండి. కలిపినది గంటన్నర, రెండు గంటల్లో వాడేయాలి. మే నెల ఎండలో ఆ సమయం ఇంకా తగ్గుతుంది. అందుకే ఒకేసారి బస్తా మొత్తం కలపొద్దు, సగం చొప్పున కలపండి. గట్టిపడిన దాంట్లో నీళ్ళు పోసి మెత్తబరచడం చాలా సైట్లలో జరుగుతుంది. అలాంటి జిగురుకి పట్టు ఉండదు, దాన్ని పారేయాల్సిందే. అందులో సిమెంటు కలిపి ఎక్కువ చేయడం కూడా అలాంటి పనే.

ఇటుకల్ని తడిపినట్టు బ్లాకుల్ని నీళ్ళలో ముంచనక్కర్లేదు. దుమ్ము దులిపి, మరీ ఎండిన బ్లాకైతే తడి బ్రష్షుతో ఒకసారి తుడిస్తే చాలు. వానలో తడిసిన బ్లాకులతో మాత్రం కట్టకండి. ఆరేటప్పుడు అవి ముడుచుకుని గోడ పగులుతుంది. లోడు దిగిన రోజే టార్పాలిన్ కప్పించండి.

సైటులో లెక్క సరిచూసుకోవడం

మొదటి బస్తా విప్పగానే అప్పటిదాకా పెట్టిన బ్లాకుల్ని లెక్కపెట్టి సుద్దతో గీత పెట్టండి. బస్తా అయిపోయాక మళ్ళీ లెక్కపెట్టండి. 95, 100 దాటితే పని బాగా నడుస్తోంది. 80 లోపే ఆగిపోయిందంటే జాయింటు 4 మి.మీ. దాటిందని అర్థం. రెండో బస్తా విప్పకముందే టేపు తీయండి. మొదటి వరస నెత్తి నుంచి నడుము బెల్టు కింద ఉన్న ఐదో వరస నెత్తి దాకా కొలవాలి. 3 మి.మీ. జాయింటైతే 812 రావాలి. 820 వస్తే జాయింటు 5 మి.మీ. పడుతోంది. ఈ కొలత ఎక్కువైతే పైన సర్దుకున్న 14 మి.మీ. సందు కూడా పోతుంది. చివరి వరసలో బ్లాకులు చీల్చక తప్పదు.

ఒక రోజులో నాలుగైదు అడుగుల ఎత్తు దాటి కట్టనివ్వకండి. నడుము బెల్టు దగ్గర ఎలాగూ ఆగాలి కాబట్టి ఐదు వరసల లెక్క దీనికి సరిగ్గా కుదురుతుంది. బీము కింద సందుని వెంటనే సిమెంటుతో బిగించేయడం ఇంకో పొరపాటు. పై అంతస్తుల బరువు పడ్డప్పుడు బీము కొద్దిగా వంగుతుంది. సందు బిగుసుకుని ఉంటే ఆ బరువు ఈ పల్చటి గోడ మీదకి దిగి, గోడ అడ్డంగా పగులుతుంది. పై స్లాబుల సెంట్రింగు ఊడదీశాక, ప్లాస్టరుకి ముందు ఫోముతో నింపించండి. గోడ పిల్లరుకి, బీముకి కలిసే చోట ప్లాస్టరు కింద వల కొట్టించండి.

తాడేపల్లి ఇంట్లో మొదటి బస్తాకి 98 బ్లాకులు వచ్చాయి. రెండో బస్తా కూడా దాదాపు అంతే ఇచ్చింది. చివరి నాలుగు బ్లాకులకి మూడో బస్తా విప్పాల్సి వచ్చింది. మన 77 కిలోల లెక్కకి, రెండు బస్తాల 80 కిలోలకి మధ్య తేడా మూడు కిలోలే కాబట్టి ఆ అవసరం రావచ్చని ముందే అనుకున్నాం. విప్పని బస్తా వాపసు తీసుకుంటామని షాపులో మాట తీసుకుని మూడో బస్తాని ముందే తెచ్చి పెట్టుకున్నాం. మీ లెక్క కూడా ఇలా నిండు బస్తాకి మరీ దగ్గరగా తేలితే అలాగే చేయండి. మూడో బస్తాలో మిగిలిన పొడిని గాలి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి ఉంచాం. ప్లాస్టరుకి ముందు కరెంటు పైపుల గాళ్ళు పూడ్చేటప్పుడు అంచులు విరిగిన బ్లాకులకి అతుకులు వేయడానికి అది సరిపోయింది. విరిగినవి పోగా ఐదు నిండు బ్లాకులు మెట్ల కింద మిగిలాయి.